ఊరు విడిచి పోయే పాట: పల్లవి, మొదటి చరణం ఎలా రాయాలి?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, వచ్చే నెల పని మీద దోహా పోతున్నా. ఊరు విడిచి పోవడం మీద ఒక పాట రాయాలని ఉంది. గిటార్ మీద నాలుగు కార్డులు వచ్చు. మొదటి చరణం, పల్లవి చాలు, ప్రాస సింపుల్‌గా ఉండాలి. ఎంత రాసినా "వెళ్తున్నా, వస్తున్నా" అనే వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ముందు పల్లవి రాయండి. ఇంటి గడప దగ్గర మీరు మీ అమ్మతోనో నాన్నతోనో నిజంగా అనబోయే మాట ఏదో అదే పల్లవి మొదటి పాదం. చరణంలో మాత్రం మీ మనసులో ఏముందో చెప్పకండి. ప్రయాణానికి ముందు ఇంట్లో ఏం జరిగిందో, ఏ వస్తువు ఎక్కడ ఉందో అది చూపించండి. ప్రాస కోసం పాదం చివర క్రియ బదులు వస్తువు పేరో, ఊరి పేరో, అంకెనో, "మీద", "లేదా" లాంటి మాటనో పెట్టండి. మీ "వెళ్తున్నా, వస్తున్నా" బాధ తొంభై పాళ్లు ఈ చివరి మాటతోనే తీరిపోతుంది. ఎందుకో చెప్తాను.

నేను చిక్కడపల్లిలో ఒక గదిలో ఆదివారాలు పాట రాయడం నేర్పిస్తాను. జానపద ఆల్బమ్‌లకు, స్టేజీ కార్యక్రమాలకు రాస్తుంటాను. విమానాలు బేగంపేట నుంచి ఎగిరే రోజుల నుంచీ, అంటే 2008లో శంషాబాద్ తెరవకముందు నుంచీ, గల్ఫ్‌కి పోయే పిల్లల పాటలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. మీ ప్రశ్నలో ఉన్న చిక్కు దాదాపు అందరిదీ.

తెలుగులో క్రియ ప్రాస ఉచితంగా వస్తుంది, అందుకే దానికి విలువ లేదు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "నేను వెళ్తున్నా, నిన్ను తలుస్తున్నా, ఒంటరిగా నడుస్తున్నా" అంటే మూడూ కలిసినట్టే ఉంటాయి. కానీ అక్కడ కలిసింది "స్తున్నా", "తున్నా" అనే ప్రత్యయం మాత్రమే. వినేవాడి చెవికి అది ముందే తెలుసు. రెండో పాదం మొదలుకాగానే చివర ఏమొస్తుందో ఊహించేస్తాడు, ఇక ఆ పాదం వినడు.

దీన్ని కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చివరి మాట నుంచి ప్రత్యయం కోసేసి, మిగిలింది చూడండి. వెళ్, తలు, నడు: వీటిలో ఒకదానికొకటి పోలిక ఏమీ లేదు. అంటే అక్కడ ప్రాస లేదని అర్థం. ఇప్పుడు "పెట్టి, చుట్టి" తీసుకోండి. చివరి "ఇ" తీసేసినా రెండింటిలోనూ "ట్ట" గట్టిగా నిలబడుతుంది. "పేరు, ఊరు" అయితే కోయడానికి ప్రత్యయమే లేదు, "రు" మాటలోనే పుట్టింది. ఇలాంటి జంటలు కావాలి. మన జనం నోట ఇవి ఎప్పటి నుంచో ఉన్నాయి. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మీ వైపు వలస బతుకును మూడు మాటల్లో చెప్తారు కదా, అందులో ఒక్క క్రియ కూడా లేదు. మూడూ పోయే చోట్లే. అయినా కథ మొత్తం తెలిసిపోతుంది.

ఇక అసలు పని. ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారైందో చెప్తాను, అదే తేలిగ్గా అర్థమవుతుంది.

కొన్నాళ్ల కిందట కోరుట్ల వైపు నుంచి ఒక కుర్రాడు మా క్లాసుకి వచ్చేవాడు. కూకట్‌పల్లిలో రూమ్, మస్కట్‌కి వీసా వచ్చింది, ఇంకో ఐదు వారాల్లో ప్రయాణం. మీలాగే గిటార్ పట్టుకుని వచ్చాడు. అతను రాసుకొచ్చింది ఇదీ:

కన్న ఊరిని విడిచి వెళ్తున్నా
కన్నీళ్లతో నేను తడుస్తున్నా
ఎడారి దారిలో నడుస్తున్నా
ఒంటరినై నేను మిగులుతున్నా

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆ అబ్బాయి నిజంగానే బాధపడుతున్నాడు. కానీ ఈ నాలుగు పాదాలు ఎవరైనా రాయొచ్చు. ఊరు ఏదో తెలియదు, ఇల్లు కనపడదు. పైగా అతను ఇంకా మస్కట్ చూడనేలేదు, ఎడారి దారిలో అప్పుడే ఎలా నడిచాడు?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికుల సభ ఒకదానికి నన్ను పాట రాయమన్నారు. ఇసుక, ఒంటె, మండే ఎండ అంటూ రాసిచ్చాను. పాట అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా అన్నాడు: "అమ్మా, పదకొండేళ్లు ఉన్న. ఇసుక చూసింది తక్కువ. పొద్దుగాల బస్సు ఎక్కితే కర్టెన్ ఏసుకుని పండుకుందుము. దిగితే బిల్డింగు లోపల ఏసీ డక్టు పని. మల్ల రాత్రికి బస్సు." ఆయన గుర్తుపెట్టుకున్నది ఆ కర్టెన్. నేను రాసింది నేను ఊహించుకున్న ఎడారి. అప్పటి నుంచి నాదొక నియమం: మొదటి చరణం గడప దాటి పోకూడదు. మీరు చూడని దోహా ఈ చరణంలో వద్దు. అది రెండో చరణానికి, అక్కడికి పోయి ఆరు నెలలు ఉన్నాక రాసుకోండి.

కుర్రాడి పాట దగ్గరికి వద్దాం. గిటార్ పక్కన పెట్టించి, "పోయిన ఆదివారం ఇంటికి పోయావు కదా, ఏం చేశారు?" అని అడిగాను. మొదట "ఏం లేదు మేడమ్, సామాన్లు సదురుకున్నం" అన్నాడు. ఎలా సర్దారని అడిగితే అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. టికెట్ మీద ముప్పై కేజీలు రాసి ఉంది. ఇంట్లో తూకం మిషన్ లేదు. వాళ్ల బాపు అట్టడబ్బా ఎత్తుకుపోయి వడ్లు తూచే కాంటా మీద పెట్టాడు. ముప్పై రెండున్నర వచ్చింది. రెండు జతల బట్టలు తీసేశారు. వాళ్ల అవ్వ ఆ ఖాళీలో సకినాల మూట పెట్టింది. మళ్లీ తూచారు, మళ్లీ ఎక్కువే వచ్చింది. చివరికి నైలాన్ తాడుతో కట్టి, పైన మార్కర్‌తో పేరు, ఫోన్ నంబర్, ఊరు రాశారు.

ఈ ముచ్చట చెప్తున్నంతసేపూ అతను ఒక్కసారి కూడా "బాధ" అనలేదు. వింటున్న మేం మాత్రం ఎవ్వరం మాట్లాడలేదు.

కాగితం మీద ఆ మాటలన్నీ వరసగా రాయించాను: కాంటా, ముల్లు, డబ్బా, తాడు, పేరు, ఊరు, ముప్పై కేజీలు, బట్టలు, సకినాలు, గుడ్డ, మూట. పాదాలు రాయకముందే చివరి మాటలు ఏరుకోవాలి. ఈ జాబితాలో ఏ మాట పక్కన ఏ మాట తనంతట తాను కూర్చుంటుందో చూడాలి. "పేరు, ఊరు" వెంటనే కలిసాయి. మార్కర్‌తో రాసినవాటిలో కూడా ఆ రెండూ ఉన్నాయి! బట్టలు పక్కకి "పెట్టి", సకినాలు గుడ్డలో "చుట్టి": ఇవి క్రియలే అయినా పరీక్షలో నెగ్గుతాయి, ఆ ఇంట్లో నిజంగా జరిగిన పనులు కూడా.

"తాడు" దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. అతనికి ఆ నైలాన్ తాడు బాగా నచ్చింది. ఇలా రాశాడు:

డబ్బా చుట్టూ నైలాన్ తాడూ
పరాయి దారిలొ లేదే తోడూ

ప్రాస బాగుంది, లెక్క కూడా సరిపోయింది. కానీ రెండో పాదాన్ని ప్రాసే లాక్కొచ్చింది. "ప్రాస అక్కర్లేకపోతే ఈ మాట అంటావా?" అని అడిగాను. ఒక్క నిమిషం ఆలోచించి, "అనను, నాతోని ఇంకా ముగ్గురు మా ఊరోళ్లే వస్తున్నరు" అన్నాడు. ఇక ఆ పాదం ఉండకూడదు. తాడూ పోయింది. ఒక జంటలో మొదటి పాదం నిజమై, రెండోది ఎక్కడో విన్నట్టు ఉంటే ఇదే జరిగిందనుకోండి. అప్పుడు రెండో పాదాన్ని మార్చడానికి కుస్తీ పట్టకండి. చివరి మాటనే మార్చేసి మళ్లీ మొదలుపెట్టండి, టైమ్ మిగులుతుంది.

ఇప్పుడు పల్లవి. మన ఇళ్లలో బయలుదేరేటప్పుడు ఎవరూ "పోతున్నా" అనరు. అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, "పోతా అనకు, పోయొస్త అను" అంటారు. కోస్తా వైపు "వెళ్లొస్తా". ఆ ఒక్క మాటలో పోవడమూ ఉంది, తిరిగి రావడమూ ఉంది. మీ పాటకి ఇంతకంటే మంచి పల్లవి మాట వెతికినా దొరకదు. ఇది ఎవరి సొత్తూ కాదు, కాబట్టి మీరూ వాడుకోవచ్చు. అతని పల్లవి ఇలా కుదిరింది (వాళ్ల దగ్గర అవ్వ అంటే అమ్మ):

పోయొస్తా అవ్వా పోయొస్తా
రెండేళ్లకు ఇంటికి మళ్లొస్తా
డబ్బా పైనా నాదే పేరు
డబ్బా లోపల మనదే ఊరు

"పోయొస్తా, మళ్లొస్తా" రెండూ "వస్తా" మీదే కదా, ఇందాక వద్దన్నది ఇదే కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, అది ప్రాస కాదు, ఒకే మాట తిరిగి రావడం. పల్లవిలో అది తప్పు కాదు. పల్లవి ఉన్నదే ఒక మాటను పదేపదే చెవిలో వేయడానికి, ఇక్కడ ఆ మాటే పాట సారం. అసలు ప్రాస బరువంతా కింది జంట మోస్తోంది. చరణంలో మాత్రం ఈ వెసులుబాటు తీసుకోకండి.

"రెండేళ్లు" కూడా ఊరికే వేసింది కాదు. అతని కాంట్రాక్టు రెండేళ్లు. మీది ఎంతైతే అంతే రాయండి. "త్వరలో వస్తా", "ఎప్పటికైనా వస్తా" అంటే పాదం నీరుగారిపోతుంది. అమ్మ క్యాలెండర్ మీద లెక్కపెట్టుకునే అంకె పాటలో వినపడాలి.

చరణం ఇదీ:

వడ్లూ తూచే కాంటా మీదా
ముప్పై కేజీలుందా లేదా
బట్టలు రెండూ బయటా పెట్టీ
సకినాల్ పెడితివి గుడ్డల చుట్టీ

వెంటనే మళ్లీ "పోయొస్తా అవ్వా". అంతే, ఎనిమిది పాదాలు.

ఇందులో నేను సరిచేసిన విషయం ఒకటుంది, అది మీ పాటలోనూ వస్తుంది. నాలుగో పాదం మొదట "అవ్వా సదిరే సకినాల్ చుట్టీ" అని ఉంది. అంటే అవ్వ గురించి ఇంకెవరికో చెప్తున్నట్టు. పల్లవిలో అవ్వనే పిలిచి, ఆవిడకే మాట ఇస్తున్నాడు. మరి చరణంలో ఆవిడ ఎదురుగా ఉండగానే "అవ్వ సర్దింది" అంటాడా? "పెడితివి" అని మార్చగానే పాట మొత్తం ఒకే మనిషితో మాట్లాడినట్టు అయింది. చరణం చివరి పాదంలో "నువ్వు పెట్టావు" అన్నాక పల్లవి "అవ్వా" అని అందుకుంటే అతుకు కనపడదు. మీ పాట ఎవరితో మాట్లాడుతోందో మొదటే తేల్చుకుని, ఎనిమిది పాదాలూ వాళ్లతోనే మాట్లాడండి. ఊరితో మాట్లాడతానంటే సరే, కానీ మధ్యలో అమ్మని, చివర స్నేహితుణ్ణి పిలవకండి.

"గుడ్డల చుట్టీ" అంటే గుడ్డలో చుట్టి అని. మీ వైపు అలాగే అంటారు. కోస్తా వాళ్లు పాడితే "గుడ్డలొ" అనుకుంటారు, లెక్క చెడదు. ఇంట్లో మాట్లాడే తెలుగును పాట కోసం ఇస్త్రీ చేయకండి. "సర్దితివి మాతా" అని ఎవరైనా అమ్మతో అంటారా?

చరణంలో "డబ్బా" అన్న మాటే లేదు, గమనించారా? కాంటా మీద ఏముందో పల్లవి విన్నవాళ్లకి ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. గిటార్ పాటల్లో చరణం ముందు పాడి తర్వాత పల్లవికి వచ్చే పద్ధతి ఉంది. మీరు అలా పాడాలనుకుంటే మొదటి రెండు పాదాల్లోనే డబ్బా రావాలి. మన అలవాటు ప్రకారం పల్లవితో మొదలుపెడితే ఆ పాట్లు ఉండవు, నేనైతే అదే చేయమంటాను.

ఇక లెక్క గురించి. భయపడే పని లేదు, ఛందస్సు మొత్తం నేర్చుకోనక్కర్లేదు. పొట్టి అక్షరం ఒక మాత్ర, దీర్ఘం రెండు మాత్రలు. సున్నా ఉన్న అక్షరం రెండు, పొల్లుతో ముగిసేది రెండు. ఒత్తు అక్షరానికి ముందున్నది పొట్టిదైనా రెండు. "అవ్వా"లో "అ" పొట్టిదే, కానీ తర్వాత "వ్వా" ఉంది కాబట్టి రెండు లెక్కపెట్టాలి. పల్లవి మొదటి రెండు పాదాలను నాలుగేసి మాత్రల ముక్కలుగా విడగొట్టి చూడండి:

పోయొ / స్తా అ / వ్వా పో / యొస్తా
రెండే / ళ్లకు ఇం / టికి మ / ళ్లొస్తా

ఒక్కో ముక్కకి ఒక చప్పట్ల దెబ్బ. పాదానికి నాలుగు దెబ్బలు, పదహారు మాత్రలు. పేరు, ఊరు ఉన్న పాదాల్లో ఒక మాత్ర తక్కువ, చివరి "రు"ని కొంచెం లాగి పాడితే నిండిపోతుంది. గిటార్ మీద మామూలు నాలుగు బీట్ల స్ట్రమ్మింగ్‌లో బీట్‌కి రెండు మాత్రలు పడతాయి, అంటే ఒక పాదం రెండు బార్లు. బార్‌కి ఒక కార్డు వాయిస్తే మీకొచ్చిన నాలుగు కార్డులు సరిగ్గా రెండు పాదాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ప్రాస జంటా, కార్డుల చుట్టూ ఒకేచోట ముగుస్తాయి. సింపుల్ ప్రాస పాటకి ఇది చాలా బలం, ఎందుకంటే రెండో "రు" దగ్గర చెవికీ చేతికీ ఒకేసారి ఇల్లు చేరినట్టు ఉంటుంది.

పదహారు సరిపోయినంత మాత్రాన పాదాలన్నీ ఒకేలా నడవవు. "పోయొస్తా అవ్వా పోయొస్తా"లో ఎనిమిదీ రెండు మాత్రల అక్షరాలే. అందుకే అది బరువుగా, అడుగు ముందుకు పడనట్టు వినపడుతుంది. "వడ్లూ తూచే కాంటా మీదా" కూడా అంతే, కాంటా ముల్లు ఆగేదాకా చూస్తున్నట్టు. "సకినాల్ పెడితివి" దగ్గరికి వచ్చేసరికి పొట్టి అక్షరాలు ఎక్కువై పాదం పరుగెడుతుంది, అమ్మ చేతులు గబగబా కదిలినట్టు. ఇది మేం ముందే ఆలోచించి చేసింది కాదు, పాడాక తెలిసింది. కానీ తెలిశాక వదలకూడదు. ఎనిమిది పాదాలూ బరువైనవే అయితే పాట నీరసంగా ఉంటుంది, అన్నీ పొట్టివే అయితే ఊరు విడిచే పాట కాస్తా పెళ్లి ఊరేగింపు పాటలా వినపడుతుంది.

"వడ్లు"ని "వడ్లూ" అని, "చుట్టి"ని "చుట్టీ" అని సాగదీశాం కదా. మాట చివరి అచ్చును సాగదీయడం మన పాటల్లో మామూలే, చెవికి గుచ్చుకోదు. మాట మధ్యలో మాత్రం సాగదీయకండి. "సకీనాలు" అంటే నవ్వుతారు. లెక్క కోసం మాట నడుము విరగ్గొట్టాల్సి వస్తోందంటే ఆ చోటికి ఆ మాట సరిపడదనే అర్థం.

రెండో అక్షరం ప్రాస సంగతి కూడా అడుగుతారేమో. మన పాత పద్యాల్లో చాలావాటికి ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాలి. పాటకి అది తప్పనిసరి కాదు. "డబ్బా పైనా, డబ్బా లోపల" అన్నప్పుడు దానంతట అది వచ్చింది, సంతోషం. చివరా కలవాలి, మొదటా కలవాలి అని కూర్చుంటే మీ ఇల్లు పోయి నిఘంటువు మిగులుతుంది.

"కళ్లు, నీళ్లు" జంటకి ఈ పాటలో సెలవివ్వండి. ఆ కుటుంబంలో వేరే మంచి మాటలున్నాయి: ఏళ్లు, ఊళ్లు, వేళ్లు, రాళ్లు. "వీసా, పైసా" కూడా మంచి జంటే. అప్పు చేసి వీసా కొన్న ఇంటి పాట అయితే అది నిజంగా పనికొస్తుంది. అప్పు లేని ఇంట్లో మాత్రం వద్దు.

రాశాక ఎలా పరీక్షించాలి? మా క్లాసులో పల్లవి రెండుసార్లు పాడి, పది నిమిషాలు వేరే పని చేసి, అందరినీ గుర్తున్నది రాయమంటాను. ఆ అబ్బాయి మూడో పాదం మొదట "అట్టపెట్టె మీద రాసిన పేరు" అని ఉండేది. ఏడుగురిలో ఐదుగురు దాన్ని తలా ఒక రకంగా రాశారు, ఇద్దరు ఏకంగా "డబ్బా మీద పేరు" అని రాశారు. వాళ్ల నోరు ఆ పాదాన్ని సరిచేసింది. మేం దాన్నే తీసుకుని, కింద ఊరు పాదం కూడా "డబ్బా"తోనే మొదలుపెట్టాం. మీ రూమ్మేట్లకి పాడి, మర్నాడు పొద్దున అడగండి. వాళ్లు ఏ మాట మార్చి చెప్తారో అక్కడే మీ పాదం బలహీనంగా ఉంది, చాలాసార్లు వాళ్లు మార్చిన మాటే బాగుంటుంది.

ఒక లోటు మిగిలిపోయిందని కూడా చెప్పాలి. కాంటా మీద డబ్బా ఎత్తి పెట్టింది బాపు. మొదటి చరణంలో ఆయన పేరే లేదు. రెండు సాయంత్రాలు ప్రయత్నించాం. "బాపు" పక్కన "ఆపు, చూపు, రేపు" వచ్చాయి, ప్రతిదీ ఆయనతో ఏదో ఒక డైలాగ్ చెప్పించింది. ఆ మనిషి అసలు ఏమీ మాట్లాడలేదట, ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడట. మాట్లాడని మనిషిని ప్రాస కోసం మాట్లాడించడం ఇష్టం లేక వదిలేశాం. ఆ అబ్బాయి మస్కట్ నుంచి ఎనిమిది నెలల తర్వాత రెండో చరణం వాయిస్ మెసేజ్‌గా పంపాడు. అందులో బాపు ఉన్నాడు, రాత్రి ఫోన్‌లో ఇటు వాన పడిందా లేదా అన్న ముచ్చటతో.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఈ వారాంతం ఊరికి పోతే, ఫోన్‌లో నోట్స్ తెరిచి ఇంట్లో మీ ప్రయాణం కోసం జరిగే పనులన్నీ వస్తువుల పేర్లతో రాసుకోండి. పాదాలు వద్దు, పేర్లు చాలు, ఓ ఇరవై మాటలు. అవి ఇక్కడ పెట్టండి, ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో కలిసి చూద్దాం. వడ్ల కాంటా ఆ అబ్బాయిది, మీ ఇంట్లో వేరేది ఉంటుంది. ఒకవేళ మీ ఇంట్లోనూ కాంటాయే అయి, మీ టికెట్ మీద ఇరవై ఐదు కేజీలే ఉంటే, "పాతిక కేజీలుందా లేదా" అని పాడి చూడండి. పదహారు మాత్రలూ సరిపోతాయి.